రాత్రి మూడింటికి ఒళ్లంతా తడిసి లేస్తున్నాను

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, విజయవాడలో స్కూల్ టీచర్ని. ఏడాదిగా నెలసరి క్రమం తప్పింది, రెండు మూడు నెలలకోసారి వస్తోంది. నాలుగు నెలల నుంచి ఉన్నట్టుండి గుండెల మీద నుంచి మొహానికి ఆవిరి కొట్టినట్టు వేడి ఎక్కి చెమటతో తడిసిపోతున్నాను. రాత్రి మూడు సార్లన్నా లేస్తాను, తర్వాత చలి. క్లాసులో పిల్లల ముందు సిగ్గుగా ఉంటోంది. వేడి చేసిందని మా అత్తయ్య అంటే గుడ్లు, నువ్వులు మానేసి సబ్జా తాగుతున్నాను, ఏం తేడా లేదు. షుగర్‌కి మాత్ర వేసుకుంటాను. మేం ఉండేది పై అంతస్తు. ఎలాంటి బట్టలు వేసుకోవాలి, ఏం మానేయాలి, ఇది ఎలా తట్టుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు గుడ్లు, నువ్వులు మళ్లీ మొదలుపెట్టండి. అత్తయ్యగారు మీ మంచికే చెప్పారు, కానీ ఆవిడ చెప్పే వేడి వేరు, మీకు ఎక్కే వేడి వేరు. మూత్రం మంటగా వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా, కళ్లు మండినా మనం వేడి చేసింది అనేస్తాం. మీకు వచ్చేది నెలసరి ఆగిపోయే దశ, అంటే మెనోపాజ్, దగ్గర పడుతున్నప్పుడు వచ్చే ఆవిరి, దానికి, తిన్న గుడ్డుకి సంబంధం లేదు. పైగా ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గుతున్నకొద్దీ ఎముకల గట్టిదనం తగ్గుతూ వస్తుంది, సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో వేడి పేరు చెప్పి నువ్వులు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పిస్తారు. ముప్పై ఏళ్లు ఆడవాళ్ల వార్డులో నర్సుగా చేశాను, ఇది చూసినప్పుడల్లా నాకు బాధేసేది. సబ్జా తాగాలనిపిస్తే తాగండి, నీళ్లు లోపలికి వెళ్తాయి, అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

మరి ఈ ఆవిరి ఎక్కణ్ణుంచి వస్తోంది? మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని చూసుకునే ఏర్పాటు ఒకటుంది. ఇస్త్రీ పెట్టెలో ఉండే థర్మోస్టాట్ లాంటిదనుకోండి. ఒళ్లు కాస్త వేడెక్కినా కాస్త చల్లబడినా మామూలుగా అది పట్టించుకోదు. మరీ ఎక్కితేనే చెమట పట్టిస్తుంది, మరీ దిగితేనే వణుకు పుట్టిస్తుంది. ఈ రెండు గీతల మధ్య ఉండే జాగా ఈస్ట్రోజన్ ఎగుడుదిగుళ్ల వల్ల ఇరుకైపోతుంది. అప్పుడు సగం డిగ్రీ కూడా ఉండని తేడాకే మెదడు ఒళ్లు కాలిపోతోందనుకుంటుంది, చర్మం కింద రక్తనాళాలన్నీ ఒక్కసారిగా తెరుస్తుంది. ఛాతీ, మెడ, మొహం సెగలు కక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట కారిపోతుంది. సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కానీ ఆ చెమట ఆరేసరికి ఒళ్లు ఉండాల్సినదానికన్నా కిందికి దిగిపోతుంది, మీకు తర్వాత వేసే చలి అదే. ఆ సమయంలో థర్మామీటర్ పెట్టి చూసుకోండి, జ్వరం ఉండదు.

కాబట్టి మీరు చేయాల్సింది రెండు పనులు. ఒంటి వేడి మెల్లమెల్లగా పై గీత దాకా పాకకుండా చూసుకోవడం, పాకితే అది తొందరగా బయటికి పోయే దారి ఉంచడం. బట్టలు, పక్క, గది, వంట అన్నీ ఈ రెంటి కిందికే వస్తాయి. ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. నార్త్ అమెరికన్ మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్లు కాని పద్ధతులన్నిటినీ పరిశీలించి, చల్లబరుచుకోవడం, పడనివి మానేయడం లాంటి వాటితో ఆవిర్లు తగ్గుతాయనడానికి ఆధారం చాలదని చెప్పింది. నేను చూసిందీ అదే. రోజుకి ఎనిమిది వచ్చే మనిషికి ఇలాంటి అలవాట్లతో అవి మాయమైపోవు. కానీ వచ్చినప్పుడు మనిషి లేచి కూర్చోవాలా, నైటీ మార్చుకోవాలా, గంటసేపు నిద్రపట్టక దొర్లాలా, లేక పక్కకు తిరిగి మళ్లీ పడుకోగలదా అన్నది మాత్రం చాలావరకు పక్క మీద, గది మీద, ఒంటి మీది గుడ్డ మీద ఆధారపడి ఉంటుంది. నిద్ర దక్కితే పగటి పూట వచ్చేవాటిని తట్టుకోవడం కూడా వేరుగా ఉంటుంది.

మిగతాది చెప్పేముందు మీ షుగర్ మాత్ర సంగతి, ఎందుకంటే ఇది వాయిదా వేయకూడని విషయం. షుగర్ పడిపోయినా రాత్రి చెమట పడుతుంది, గుండె దడ వస్తుంది. మీ మాత్ర గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ రకానిదైతే, లేదా వాటిలో ఒకటి కలిసినదైతే, రాత్రి భోజనం తగ్గించినప్పుడు షుగర్ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం బాగా తక్కువ. మాత్రల అట్ట మీద పేరు చదవండి. ఈ వారంలో ఒక రెండు రాత్రులు, చెమటతో లేచినప్పుడే, తువ్వాలు అందుకునేముందు గ్లూకోమీటర్‌తో ఒక్క చుక్క చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే అది ఆవిరి కాదు, వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని, మర్నాడే మీ డాక్టర్‌కి చెప్పి మాత్ర మోతాదు మార్పించుకోండి. తేడా కూడా కొంత తెలుస్తుంది. ఆవిరి ఛాతీ నుంచి పైకి పాకి, ఒళ్లు వేడిగా ఉండి, కాసేపట్లో దానంతటదే పోతుంది. షుగర్ పడితే ఒళ్లు చల్లగా జిగటగా ఉంటుంది, చేతులు వణుకుతాయి, ఆకలి దంచేస్తుంది, ఏదైనా తినేదాకా తగ్గదు. కానీ నిద్రమత్తులో ఈ తేడాలు నమ్ముకోవద్దు, మీటర్‌ని నమ్మండి.

మీటర్‌లో అంకె బాగానే ఉందనుకుందాం. ఇక రాత్రి సంగతి చూద్దాం.

పై అంతస్తు అన్నారు కదా, మీ మొదటి శత్రువు నెత్తిమీద ఉన్న స్లాబు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు పొద్దు వాలాక ఆ వేడిని గదిలోకి వదలడం మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది, ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. డాబా మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయిస్తే గదిలో తేడా మీకే తెలుస్తుంది. అది ఇంటి ఓనరు చేతిలో ఉంటే సాయంత్రం పొద్దు వాలాక డాబా మీద రెండు మూడు బకెట్ల నీళ్లు చల్లించండి, పగలు కిటికీలకు పరదాలు వేసి ఉంచి, బయట గాలి లోపలికన్నా చల్లబడ్డాక, అంటే రాత్రి తొమ్మిదీ పదింటికి, తెరవండి. కూలర్ మాత్రం విజయవాడలో కొనకండి. కూలర్ పనిచేసేది నీరు ఆవిరైపోతేనే, కర్నూలు, నిజామాబాద్ లాంటి పొడి ఎండలున్న చోట ఏప్రిల్‌లో అది హాయిగా ఉంటుంది, కృష్ణా ఒడ్డున ఉక్కపోతలో అది గదిలో తడి పెంచుతుంది, తడి గాలిలో మీ ఒంటి చెమట ఆరదు, చెమట ఆరకపోతే వేడి పోదు. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి పైన ఫ్యాను తిప్పండి. ఇంట్లో మిగతావాళ్లకి చలిగా ఉంటుందంటే మీ మంచం పక్కనే చిన్న టేబుల్ ఫ్యాను పెట్టుకుని, దాని స్విచ్ మీ చేతికందేలా ఉంచుకోండి. ఇది చాలా పెద్ద సుఖం. మాటిమాటికీ లేచి గోడ దగ్గరికి నడిస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది.

పక్క సంగతి చాలామంది ఆలోచించరు. ఫోమ్ పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, దాని మీద తడి దిగకుండా వేసే ప్లాస్టిక్ కవరు ఉంటే ఇంకా ఘోరం, వీపు కింద చెమట ఎటూ పోదు. ఆ కవరు తీసేయండి. పత్తి పరుపో, బూరుగు దూది పరుపో ఉంటే దాని మీద పడుకోండి, లేదంటే ఫోమ్ మీద పల్చటి బొంత వేసి పైన నూలు దుప్పటి పరవండి. కొందరు పరుపు మీద తుంగచాప వేసి దాని మీద నూలు దుప్పటి వేసుకుని హాయిగా పడుకుంటారు. కప్పుకునేది మీకు వేరు, మీవారికి వేరు ఉండాలి. ఒకటే పెద్ద దుప్పటి ఇద్దరూ కప్పుకుంటే మీకు సెగ వచ్చినప్పుడు తీసేయాలంటే ఆయన్ని లేపాలి. మీరు మందపాటిది ఒకటి కాకుండా పల్చటివి రెండు పెట్టుకోండి.

రెండు పల్చటివి ఎందుకంటే, రాత్రి జరిగే తప్పు ఇక్కడే ఉంది. సెగ వస్తుంది, దుప్పటి తన్నేసి ఫ్యాను అయిదు మీద పెడతారు, చెమట ఆరుతుంది, వణుకు వస్తుంది, తడి నైటీతోనే మందపాటి దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుంటారు. గంట తిరక్కుండా ఆ దుప్పటి కింద ఒంటి వేడి మళ్లీ పై గీత దాటుతుంది, మళ్లీ సెగ. రాత్రి మూడు సార్లు లేవడంలో ఒకటి రెండు ఇలా మనం చేతులారా తెచ్చుకున్నవే ఉంటాయి. వణుకు వచ్చినప్పుడు కప్పుకోకుండా ముందు తడి ఆర్చుకోండి. తలగడ పక్కన ఒక పల్చటి తువ్వాలు, మడిచి పెట్టిన రెండో నైటీ, చెంబుతో చల్లటి నీళ్లు పెట్టుకుని పడుకోండి. కుండ నీళ్లు చాలు, గడ్డ కట్టే చల్లదనం అక్కర్లేదు. సెగ మొదలవుతోందని తెలిసిన మొదటి నిమిషంలోనే, అది చాలామందికి ముందుగా తెలుస్తుంది, దుప్పటి పక్కకు తోసి, చేతికందే ఫ్యాను వేసి, రెండు గుక్కలు నీళ్లు తాగి, తడి గుడ్డతో మెడ వెనక, మణికట్లు తుడుచుకోండి. గాలి నెమ్మదిగా లోపలికి, ఇంకా నెమ్మదిగా బయటికి వదలండి, నిమిషానికి ఆరేడు ఊపిరులే పడేలా. ఊపిరితో సెగ ఆగుతుందని చెప్పను, దడ మాత్రం కాస్త దిగుతుంది, మళ్లీ నిద్రలోకి జారడం తేలికవుతుంది. ఒళ్లు తడిగా ఉంటే పొడి నైటీలోకి మారండి, ఒక్క పల్చటి దుప్పటి నడుం దాకా కప్పుకోండి, అయిదు నిమిషాలయ్యాక ఇంకా చలిగా ఉంటేనే రెండోది.

ఇక బట్టలు. నైటీ కొనేటప్పుడు షాపువాళ్లు కాటన్ అన్నదల్లా నమ్మకండి. ఇంటికి తెచ్చి ఒకసారి ఉతికి ఆరేశాక ఒక నీటి చుక్క వేసి చూడండి, నూలైతే వెంటనే పీల్చేసుకుంటుంది, పాలిస్టర్ కలిస్తే చుక్క కాసేపు పైన నిలబడుతుంది. ఉతక్కుండా చూస్తే కొత్త గంజి వల్ల నూలు కూడా పీల్చదు, అందుకే ఉతికాక చూడమంటున్నాను. ఇంకా అనుమానముంటే అంచు దగ్గర ఒక దారప్పోగు లాగి జాగ్రత్తగా సింక్ మీద కాల్చండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా ముడుచుకుంటుంది. నూలుకి కూడా ఒక లోపం ఉంది. చెమట బాగా పీలుస్తుంది కానీ తొందరగా ఆరదు. ఒకసారి బాగా తడిస్తే దాన్ని ఒంటిమీదే ఉంచుకుంటే వణుకు ఎక్కువవుతుంది. అందుకే రెండో నైటీ. పల్చటి మల్ నూలు, చేతుల్లేనిదో పొట్టి చేతులదో, మెడ వదులుగా, లోపల ఏ లైనింగూ లేకుండా ఉంటే చాలు.

స్కూలుకి చీరలోనే వెళ్తారు కదా, అందులో మీకు కనిపించని ముద్దాయి జాకెట్టు లైనింగ్. పైన నూలు గుడ్డే ఉంటుంది, టైలర్ లోపల పాలిస్టర్ లైనింగ్ వేసేస్తాడు, దాంతో సెగ మొదలయ్యే చోటే, ఛాతీ మీద, మెడ కింద, ప్లాస్టిక్ కట్టుకున్నట్టవుతుంది. కొత్తగా కుట్టించేవాటికి నూలు లైనింగే వేయమని గట్టిగా చెప్పండి, చంకల దగ్గర అర అంగుళం వదులు ఇవ్వమనండి, పైదాకా మూసేసే కాలర్ నెక్ వద్దు. పెట్టికోటు కూడా అంతే. చీర బాగా అతుక్కుని కనిపించాలని ఈమధ్య సాగే గుడ్డతో చేసిన పెట్టికోట్లు వస్తున్నాయి, అవి నడుం నుంచి మోకాళ్లదాకా బిగించి పట్టుకుంటాయి, మీరు పాత రకం నూలు పెట్టికోటే కట్టుకోండి. చీరల్లో జార్జెట్, షిఫాన్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ పాలిస్టరే, చేతికి చల్లగా తగులుతాయి కానీ గాలి ఆడదు. రోజువారీకి పల్చటి వెంకటగిరి నూలు చీరలు హాయిగా ఉంటాయి, మంగళగిరివి కాస్త మందం అయినా బాగా పీలుస్తాయి. గంజి పల్చగా పెట్టండి, మరీ దట్టంగా పెడితే గుడ్డ చెమట పీల్చదు. తడి కనిపిస్తుందన్న సిగ్గు గురించి రాశారు, లేత బూడిద రంగు, లేత నీలం, ఒకే రంగు జాకెట్టు మీద చెమట మచ్చ బాగా తెలుస్తుంది, చిన్న చిన్న ప్రింట్లు ఉన్నవాటి మీద, ముదురు నీలం మీద, తెలుపు మీద అంతగా తెలియదు. జడ వీపు మీద వేలాడకుండా కొప్పు చుట్టండి, మెడ వెనక ఖాళీగా ఉంటే వేడి పోయే పెద్ద దారి తెరుచుకున్నట్టే.

బండి మీద వెళ్తుంటే ఒకటి గమనించండి. మొహం చుట్టూ స్కార్ఫ్, హెల్మెట్, చేతులకి గ్లౌజులు వేసుకుని ఎండలో ఇరవై నిమిషాలు వెళ్లి, ఆ వేడితోనే నేరుగా మెట్లెక్కి క్లాసులోకి వెళ్తే మొదటి పీరియడ్‌లోనే సెగ ఖాయం. హెల్మెట్ తీయమనట్లేదు, పావుగంట ముందు బయల్దేరి, స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చుని, మొహం మెడ కడుక్కుని లోపలికి వెళ్లండి. బ్యాగులో తాటాకు విసనకర్ర చిన్నది ఒకటి, తడి గుడ్డ ఒక డబ్బాలో. పిల్లల ముందు వస్తే బోర్డు వైపు తిరిగి ఒక నిమిషం రాస్తూ ఉండండి, పెద్ద పిల్లలకైతే కాస్త ఉక్కపోస్తోందమ్మా అని కిటికీ తెరవమంటే సరిపోతుంది. పెళ్లిళ్లలో పట్టుచీర కట్టక తప్పదు, అలాంటప్పుడు జాకెట్టు మాత్రం నూలుది వేసుకుని, హోమం పొగకి దూరంగా, ఫ్యాను వైపు కూర్చోండి.

ఏం మానేయాలన్నది అందరికీ ఒకటే జాబితా ఇస్తే మీకు ఉపయోగపడదు, మీకు పడనిది ఏదో మీరే కనిపెట్టాలి. దానికి 14 రోజుల పుస్తకం రాయండి. సెగ వచ్చిన ప్రతిసారీ టైము, దానికి ముందు అరగంటలో ఏం చేస్తున్నారో, ఏం తిన్నారో తాగారో, ఎక్కడున్నారో, ఎంత గట్టిగా వచ్చిందో ఒకటి నుంచి మూడు వరకు ఒక అంకె. అంతే, రెండు ముక్కలు చాలు.

మా తోడికోడలు గుంటూరులో ఉంటుంది, ఆవిడకి 49లో మొదలైంది, పొద్దున్న తాగే ఫిల్టర్ కాఫీ వల్లేనని గట్టిగా నమ్మింది, ఆవకాయ కూడా మానేసింది. పుస్తకం రాయించాను. రెండు వారాల తర్వాత చూస్తే పొద్దున్న కాఫీ తర్వాత ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఆవకాయ తిన్న రోజులకీ తినని రోజులకీ తేడా లేదు. గట్టివన్నీ మూడు చోట్ల కుప్ప పడ్డాయి. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా కిటికీ లేని వంటింట్లో ఇంటిల్లిపాదికీ చపాతీలు కాల్చడం, తర్వాత అరగంటలో ఒకటి. రాత్రి తొమ్మిదిన్నరకి అలసట తీరుతుందని కాగే నీళ్లతో స్నానం, మంచం ఎక్కగానే ఒకటి. పై గదిలో పడుకున్నాక పదకొండున్నర ప్రాంతంలో, రోజూ. అన్నీ ఒకేసారి మార్చవద్దని చెప్పాను, వారానికొకటి మార్చింది. చపాతీలు సాయంత్రం నాలుగున్నరకే, గుమ్మం దగ్గర ఫ్యాను పెట్టుకుని చేయడం, రాత్రి పూట వాటిని వేడిచేయడం మా బావగారి పని. స్నానం గోరువెచ్చని నీళ్లతో ఎనిమిదింటికి. మూడో వారం మంచం కింది హాల్లోకి దించారు, ఎక్కువ తేడా వచ్చింది దీంతోనే. నెల తిరిగేసరికి రాత్రి నాలుగు సార్లు లేచేది రెండుకి వచ్చింది, ఆ రెంటిలో ఒకటి లేవకుండానే గడిచిపోయేది. పగటివి మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి ఏ మార్పూ పనిచేయలేదు. ఆవకాయ మళ్లీ తినడం మొదలుపెట్టింది.

మీ పుస్తకంలో ముందుగా వెతకాల్సినవి చెప్తాను. పొగలు కక్కే టీ, రసం, పులుసు. ఇక్కడ కెఫీన్ ఒక్కటే కాదు, వేడి ద్రవం కడుపులోకి వెళ్లడం కూడా కారణం, టీ గోరువెచ్చగా చల్లారాక తాగి చూడండి, సాయంత్రం నాలుగు దాటాక మానేసి చూడండి. కారం బాగా ఉన్న రాత్రి భోజనం, ముఖ్యంగా పది దాటాక తిన్నది. పొయ్యి దగ్గర నిలబడటం. మూసిన పూజగదిలో దీపాల ముందు కూర్చోవడం. స్కూల్లో ఇన్‌స్పెక్షన్, తల్లిదండ్రుల మీటింగ్ లాంటి టెన్షన్లు. మందు, సిగరెట్ మన ఇళ్లలో ఆడవాళ్లకి తక్కువే గానీ ఉంటే అవీ. ఒకటి అనుమానం వస్తే ఒక వారం దాన్నొక్కదాన్నే ఆపి చూడండి, తేడా లేకపోతే మళ్లీ మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది పనిచేసిందో తెలియదు, నెల తిరిగేసరికి అన్నీ మళ్లీ మొదలవుతాయి.

ఎన్నాళ్లుంటుందని మీరు అడగలేదు కానీ మనసులో ఉంటుంది. చాలామందికి కొన్నేళ్ల పాటు వస్తూ పోతూ ఉంటాయి, కొందరికి ఏడేళ్లు దాటినా ఉంటాయి, అందుకే ఓర్చుకుంటే ఆర్నెల్లలో పోతుందనే మాట మీద కూర్చోకండి. పుస్తకం రాసి, గది, పక్క, బట్టలు మార్చుకున్నాక కూడా నెలన్నరలో రాత్రి నిద్ర బాగుపడకపోతే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, ఆ పుస్తకం తీసుకెళ్లండి. మీ వయసుకి మెనోపాజ్ దగ్గర పడిందా అని తేల్చడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని చూసే రక్తపరీక్ష అక్కర్లేదు, ఈ దశలో అది ఈ వారం ఒకలా వచ్చే వారం ఒకలా ఉంటుంది. థైరాయిడ్ పరీక్ష మాత్రం చేయించుకోండి, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే చెమటలు, దడ ఉంటాయి, బరువు తగ్గుతారు, చేతులు వణుకుతాయి. ఆవిర్లకి అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ మందు. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరోన్ కూడా ఇవ్వాలి, ఒట్టి ఈస్ట్రోజన్ ఇస్తే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, కాళ్లలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకి, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్లకి అది సరిపడదు. మీకు షుగర్ ఉంది కాబట్టి బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూసి నిర్ణయిస్తారు. హార్మోన్లు పడనివాళ్లకి వేరే మాత్రలున్నాయి, అవి కూడా డాక్టరే రాయాలి. ఫోన్లో ప్రకటన చూసి మెనోపాజ్ మూలికల క్యాప్సూల్స్ తెప్పించుకోవద్దు, షుగర్ మందుతో అవి ఎలా కలుస్తాయో అమ్మేవాడికి తెలియదు.

నెలన్నర ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి కొన్నున్నాయి. సాయంత్రం పూట జ్వరం, రెండు వారాలకు మించి దగ్గు, బరువు తగ్గడం వీటితో రాత్రి చెమటలుంటే కళ్లె పరీక్ష చేయించాలి, టీబీకి అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నెలసరి వచ్చినప్పుడు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడాది పాటు ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా వయసు ప్రభావమని వదిలేయకండి. చెమటతో పాటు ఛాతీ బరువుగా పట్టేసినట్టు, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినట్టు, ఊపిరి ఆడనట్టు ఉంటే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్న ఆడవాళ్లలో గుండెపోటు నొప్పి లేకుండా ఒట్టి చెమటతో, ఆయాసంతో కూడా వస్తుంది. ఆవిరి ఛాతీలో సెగ తెప్పిస్తుంది, బరువు పెట్టదు, ఆయాసం తెప్పించదు.

ఈ రాత్రి పడుకునేముందు గ్లూకోమీటర్ స్ట్రిప్పులు ఉన్నాయో లేదో చూసి తలగడ పక్కన పెట్టుకోండి. పరుపు మీద ప్లాస్టిక్ కవరు ఉంటే ఇప్పుడే లాగేయండి. రెండు వారాల తర్వాత పుస్తకంలో ఏం తేలిందో నాకు రాయండి, మీ మాత్ర పేరు కూడా రాయండి.